వార్షిక నివేదిక అంకెల్లోంచి ఇంపాక్ట్ క్యాప్షన్ రాయడం ఎలా?

ఆడిట్ పూర్తయి వార్షిక నివేదిక సిద్ధమయ్యే రోజుల్లో, హైదరాబాద్‌లోని చిన్న స్వచ్ఛంద సంస్థల మిత్రులు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు. "నలభై పేజీల రిపోర్ట్ ఉంది. సోషల్ మీడియాలో పెట్టే ఫొటో కింద మా పని ఫలితం గురించి నాలుగు ముక్కలు రాయాలి. ఏ అంకె తీసుకోవాలి, ఎలా చెప్పాలి?"

విడివిడిగా జవాబు చెప్పే బదులు నేను చేసే పద్ధతంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. అర్థమవడానికి ఒక సంస్థను ఊహించుకుందాం. బోరబండ, అడ్డగుట్ట, రసూల్‌పురా బస్తీల్లో 18 సాయంత్రపు చదువు సెంటర్లు నడుపుతోంది. అప్పుడప్పుడు వైద్య శిబిరాలు, నెలనెలా తల్లుల సమావేశాలు కూడా పెడుతుంది. ఈ సంస్థ అంకెలన్నీ నేను ఉదాహరణకు కల్పించినవే. వాటిలో చూపించిన తప్పులు మాత్రం నేను నిజంగా చూసినవి, ఒకటి నేను చేసినది కూడా.

## 1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

చాలామంది డిజైనర్ పంపిన పోస్టర్ ముందు పెట్టుకుని, అందులోని పెద్ద అంకెల్ని వాక్యాలుగా మారుస్తారు. అక్కడే తేడా వస్తుంది. పోస్టర్‌లోని అంకె అప్పటికే రెండు మూడు చేతులు మారి ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో తెలియకుండా దాని గురించి వాక్యం రాయలేం.

- వార్షిక నివేదిక చివరి ప్రతి (డ్రాఫ్ట్ కాదు)
- ఆడిట్ అయిన ఆదాయ వ్యయాల పట్టిక
- హాజరు షీట్లు, పిల్లల పరీక్ష ఫలితాల షీట్
- ఆ కార్యక్రమం నడిపిన మనిషి, కనీసం అరగంట

నాలుగోది లేకుండా మొదలుపెట్టొద్దు. షీట్‌లో ఖాళీగా ఉన్న గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పగలిగేది సెంటర్ చూసుకునే టీచరమ్మే.

## 2. ఆ అంకె మనుషులదా, హాజరుదా?

మన నివేదిక మొదటి పేజీలో "మొత్తం లబ్ధిదారులు 4,860" అని ఉంది. చూడగానే క్యాప్షన్‌లో పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి, ముందు విడగొట్టండి.

- సెంటర్లలో చేరిన పిల్లలు: 612
- తల్లుల సమావేశాలు, 12 నెలల హాజరు: 2,976
- 6 వైద్య శిబిరాలకు వచ్చినవారు: 1,272

కూడిక సరిగ్గానే ఉంది. కానీ మొదటిది మనుషుల లెక్క, రెండోది సంతకాల లెక్క. ఒకే తల్లి పన్నెండు సమావేశాలకూ వస్తే ఆమె పన్నెండు మంది అయిపోయింది. ఆమె కూతురు సెంటర్‌లో చదువుతోంది, తల్లీకూతుళ్లిద్దరూ రెండు శిబిరాలకు వచ్చారు. అంటే ఒక్క ఇంట్లోని ఇద్దరు మనుషులు మన లెక్కలో పదిహేడు మంది.

ఈ తప్పు నేనే చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థకు క్యాప్షన్ రాస్తూ సమావేశాల హాజరును "దాదాపు మూడు వేల మంది తల్లులు" అని రాసేశాను. విరాళమిచ్చే పెద్దాయన ఒకరు బస్తీకి వచ్చి, ఆ గల్లీలు తిరిగి, "ఇక్కడ మూడు వేల ఇళ్లయినా ఉన్నాయా అమ్మా?" అని సెంటర్ టీచర్‌ని అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, తప్పు నాది. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఏ అంకె చేతికొచ్చినా నేను మొదట అడిగేది ఇదే: మనుషులా, హాజరా?

విడి మనుషుల్ని లెక్కించడం పెద్ద పనేం కాదు. హాజరంతా ఒకే గూగుల్ షీట్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి, పేరు, బస్తీ, ఫోన్ నంబర్ కలిపిన ఒక కాలమ్ తయారుచేయండి. అది B కాలమ్ అనుకుంటే:

```
=COUNTUNIQUE(B2:B2977)
```

మన ఉదాహరణలో ఇది 358 చూపించింది. దీన్నీ అలాగే నమ్మేయకూడదు. ఒక నెల "లక్ష్మి" అని, మరో నెల "లక్ష్మమ్మ" అని రాస్తే ఒకే మనిషి ఇద్దరవుతుంది. ఫోన్ నంబర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్న తోడికోడళ్లిద్దరూ ఒక్కరైపోతారు. అందుకే జాబితాను ఫోన్ నంబర్ వరసలో పెట్టి, టీచర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి కళ్లతో చూడాలి. అలా చూస్తే 358 కాస్తా 341 అయింది. చెప్పాల్సిన అంకె అది.

ఇక 341ని 612తో కూడాలా? వద్దు. తల్లులు, పిల్లలు, శిబిరానికి వచ్చినవాళ్లు వేర్వేరు కారణాలకు వచ్చారు. ఆ మొత్తం ఎవరికీ ఏమీ చెప్పదు. 4,860ని పక్కన పెట్టేయండి. నివేదికలో ఎలాగూ అచ్చయిపోతుంది అనుకుంటే, కనీసం అక్కడ "హాజరుతో కలిపి" అనే మాట చేర్పించండి.

## 3. క్యాప్షన్‌ని మోసే ఒక్క అంకె

క్యాప్షన్‌కి ఒక్క అంకె చాలు. మిగతావి దానికి తోడుగా రావాలి, పోటీగా కాదు.

నివేదికలో రెండు రకాల అంకెలు ఉంటాయి. మనం ఏం చేశామో చెప్పేవి కొన్ని: 18 సెంటర్లు, 1,200 పుస్తకాలు, 6 శిబిరాలు. అవతలివాళ్లలో ఏం మారిందో చెప్పేవి కొన్ని: ఎంతమందికి చదవడం వచ్చింది, ఎంతమంది మళ్లీ బడికి వెళ్లారు. మొదటి పంక్తికి రెండో రకంలోంచే ఒకటి తీసుకోండి. పుస్తకాలు పంచామంటే డబ్బు ఖర్చయిందని తెలుస్తుంది, ఎవరైనా చదివారో లేదో తెలియదు.

మరి మార్పును కొలిచిన అంకె ఒక్కటీ లేకపోతే? అప్పుడు చేసిన పనే చెప్పండి, చేసిన పనిగానే చెప్పండి. "1,200 పుస్తకాలు పంచాం" అనడంలో తప్పేమీ లేదు. "1,200 జీవితాలు మారాయి" అనడమే తప్పు.

మన సంస్థకు అదృష్టవశాత్తు కొలత ఉంది. జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివించారు. తెలుగు మీడియం పిల్లలకు తెలుగులో, ఉర్దూ మీడియం పిల్లలకు ఉర్దూలో. మన ఊళ్లో ఇది తప్పనిసరిగా అడగాల్సిన విషయం. జూన్‌లో బడి భాషలో చదివించి, మార్చిలో ఇంగ్లిష్‌లో చదివిస్తే ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు.

## 4. జూన్‌లోని పిల్లలే మార్చిలోనూ ఉన్నారా?

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. మంచి మనసుతో రాసిన క్యాప్షన్లు కూడా ఎక్కువగా తప్పేది ఇక్కడే.

నివేదిక ఇలా అంటోంది: "జూన్‌లో 30 శాతం పిల్లలు కథ చదవగా, మార్చి నాటికి 70 శాతం చదివారు." వెనక ఉన్న లెక్క ఇది. జూన్‌లో పరీక్షకు కూర్చున్నవాళ్లు 580, చదివినవాళ్లు 174. మార్చిలో కూర్చున్నవాళ్లు 490, చదివినవాళ్లు 343. భాగహారం రెండుచోట్లా సరిగ్గానే ఉంది.

కానీ 580 మందీ 490 మందీ ఒకే పిల్లలు కారు. బస్తీల్లో ఇది మామూలే. తండ్రి పనిచేసే బిల్డింగ్ పూర్తవుతుంది, కుటుంబం ఇంకో సైట్‌కి మారిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రారు. మధ్యలో కొత్త పిల్లలు చేరతారు. చదువులో వెనకబడ్డ పిల్లలే ఎక్కువగా మానేశారనుకోండి, ఎవరికీ కొత్తగా ఒక్క ముక్క నేర్పకపోయినా మార్చి శాతం దానంతటదే పెరుగుతుంది. ఆ అనుమానం తీరాలంటే రెండుసార్లూ కూర్చున్న పిల్లల్ని మాత్రమే పోల్చాలి.

షీట్‌లో పిల్లకొక వరస ఉండాలి. C కాలమ్‌లో జూన్, D కాలమ్‌లో మార్చి. చదివితే 1, చదవకపోతే 0, పరీక్షకు రాకపోతే ఖాళీ. అప్పుడు:

```
=COUNTIFS(C2:C613,"<>",D2:D613,"<>")
=COUNTIFS(C2:C613,1,D2:D613,"<>")
=COUNTIFS(C2:C613,"<>",D2:D613,1)
```

మొదటిది రెండుసార్లూ కూర్చున్న పిల్లలు: 468. రెండోది వాళ్లలో జూన్‌లోనే చదివినవాళ్లు: 150. మూడోది మార్చిలో చదివినవాళ్లు: 325. శాతాల్లో చూస్తే 32 నుంచి 69.

నివేదిక చెప్పిన 30 నుంచి 70కి ఇది చాలా దగ్గరగానే ఉంది. మరి ఇంత శ్రమ ఎందుకంటారా? దగ్గరగా ఉందని ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి. దూరంగా వచ్చిన సందర్భాలూ నేను చూశాను. అలా వస్తే నివేదిక రాసినవాళ్లకు వెంటనే ఫోన్ చేయండి. క్యాప్షన్‌లో మాత్రం ఎప్పుడూ రెండుసార్లూ కూర్చున్నవాళ్ల అంకే పెట్టండి.

ఖాళీ గడుల్లో ఒక ప్రమాదం ఉంది. కొందరు టీచర్లు పరీక్షకు రాని పిల్లకి ఖాళీ వదలకుండా 0 వేస్తారు. అప్పుడు రానివాళ్లంతా చదవలేనివాళ్లుగా లెక్కలోకి వస్తారు. మొదటి ఫార్ములాకు జవాబు 612కి దగ్గరగా వస్తే, ముందు ఈ సున్నాల మీదే అనుమానపడండి.

612లో 468 పోగా మిగిలిన 144 మంది సంగతేమిటి? జూన్‌లో ఉండి మార్చి పరీక్షకు లేనివాళ్లు 112 మంది, జూన్ పరీక్ష తర్వాత చేరినవాళ్లు 32 మంది. వాళ్లనూ క్యాప్షన్‌లో ఒక వాక్యంలో చెప్పాలి, దాచకూడదు.

## 5. శాతాన్ని మనుషుల్లోకి మార్చడం

32 నుంచి 69కి పెరిగితే ఎంత పెరిగినట్టు? 37 శాతం అని ఒకరు రాస్తారు, 116 శాతం అని మరొకరు రాస్తారు. రెండోవాళ్ల లెక్క భాగహారంలో తప్పు కాదు, కానీ చదివేవాళ్లను గందరగోళపెడుతుంది. మొదటివాళ్లు చెప్పాలనుకున్నది 37 శాతం కాదు, 37 పాయింట్లు. ఈ గొడవే వద్దు. మొదటి అంకె, చివరి అంకె పక్కపక్కన పెట్టేస్తే చదివేవాళ్లకు తేడా కనబడుతుంది.

ఇంకా మంచిది మనుషుల్లో చెప్పడం. 32 శాతమంటే ముగ్గురిలో ఒకరు. 69 శాతమంటే ముగ్గురిలో ఇద్దరు. ఇందులో నేను పాటించే నియమం ఒకటుంది: అంకెను గుండ్రం చేస్తే మనకు మేలు జరిగేవైపు చేయకూడదు. మొదట్లో 32 శాతాన్ని ముగ్గురిలో ఒకరు అంటే, ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చెప్పాం. చివర 69ని ముగ్గురిలో ఇద్దరంటే కొంచెం తక్కువ చెప్పాం. రెండూ మన గొప్పను తగ్గించే వైపే. కాబట్టి పెట్టొచ్చు. అదే 62 శాతం వచ్చి ఉంటే "ముగ్గురిలో ఇద్దరు" అనడానికి వీల్లేదు, "పది మందిలో ఆరుగురు" అనాలి.

పదిమందో ఇరవైమందో ఉన్న కార్యక్రమానికి శాతమే వద్దు. ఎనిమిది మందిలో ఆరుగురు అమ్మాయిలు టెన్త్ పాసైతే "75 శాతం" అనకుండా, "ఎనిమిది మందిలో ఆరుగురు" అనండి.

## 6. డబ్బు లెక్క

"ఒక పిల్లకి ఎంత ఖర్చు?" అని విరాళమిచ్చేవాళ్లు తప్పకుండా చూస్తారు. సంస్థ మొత్తం ఖర్చు రూ.51,40,800. దాన్ని 612తో భాగిస్తే రూ.8,400. ఇందులో వైద్య శిబిరాల ఖర్చు కూడా కలిసి ఉంది కాబట్టి ఆ అంకె పనికిరాదు. చదువు సెంటర్ల ఖర్చు విడిగా రూ.39,78,000. పిల్లకి రూ.6,500. సెంటర్లు జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు నడిచాయి, అంటే నెలకు రూ.650.

ఇక్కడ అకౌంటెంట్‌ని ఒక ప్రశ్న అడగండి: ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజులో చదువు వాటా ఈ 39,78,000లో ఉందా? లేకపోతే క్యాప్షన్‌లో "సెంటర్ల నిర్వహణకు" అనే మాట తప్పనిసరి. ఆడిట్ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు, సెంటర్ల లెక్క జూన్ నుంచి. ఏప్రిల్, మే నెలల్లో టీచర్ల శిక్షణకు ఖర్చుపెట్టి ఉంటే అది ఏ పద్దులో పడిందో కూడా అప్పుడే తేల్చుకోండి.

"రూ.650 ఇస్తే ఒక పిల్లకి చదవడం వస్తుంది" అని మాత్రం రాయొద్దు. అది ఒక నెల సెంటర్ నడపడానికి అయ్యే ఖర్చు. చదవడం రావడానికి ధర కాదు.

## 7. ఇప్పుడు రాయండి

సాధారణంగా నాకు వచ్చే డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది:

> విద్యా సాధికారత దిశగా మా సంస్థ ఈ ఆర్థిక సంవత్సరంలో 4,860 మంది లబ్ధిదారులకు చేరువై, 18 కేంద్రాల ద్వారా పఠన నైపుణ్యాలలో 133% వృద్ధిని సాధించినది.

ఇందులో పిల్లలు లేరు. ఎవరు ఏం చదివారో లేదు. 133 ఎక్కడినుంచి వచ్చిందంటే 30 నుంచి 70 అన్న అంకెల్లోంచి. బస్తీలో ఒక తల్లికి చదివి వినిపిస్తే ఆమెకు ఇది తన కూతురి గురించేనని తెలియదు.

నేను రాసే వరస ఇది: ముందు మార్పు, తర్వాత ఎక్కడ, ఎంతమందిలో, ఆ తర్వాత ఇంకా కానిది, చివర ఖర్చు, నివేదికలో పేజీ నంబర్.

> జూన్‌లో ముగ్గురు పిల్లల్లో ఒకరే రెండో తరగతి స్థాయి కథ చదవగలిగారు. మార్చిలో ఇద్దరు చదివారు.
>
> బోరబండ, అడ్డగుట్ట, రసూల్‌పురా బస్తీల్లోని మా 18 సాయంత్రపు సెంటర్లకు గత విద్యా సంవత్సరంలో 612 మంది పిల్లలు వచ్చారు. రెండుసార్లూ పరీక్షకు కూర్చున్న 468 మందిలో కథ చదవగలిగినవారు 150 నుంచి 325కి పెరిగారు. మిగతా 144 మంది మధ్యలో చేరినవాళ్లు, ఊరు మారినవాళ్లు, పరీక్ష రోజు రానివాళ్లు.
>
> ఆ 468 మందిలో 143 మందికి ఇంకా కథ చదవడం రాలేదు. ఈ ఏడాది వాళ్లతో రోజూ అరగంట విడిగా చదివిస్తున్నాం.
>
> సెంటర్ల నిర్వహణకు ఒక్కో పిల్లకి నెలకు అయిన ఖర్చు రూ.650. పూర్తి లెక్కలు వార్షిక నివేదిక 14వ పేజీలో.

"143 మందికి రాలేదు" అనే వాక్యం తీసేయమని సంస్థ పెద్దలు దాదాపు ప్రతిసారీ అంటారు. ఓపికగా చెప్పి ఉంచేలా చూడండి. 325 అంకెను నమ్మించేది ఆ వాక్యమే. పైగా వచ్చే ఏడాది ఏం చేస్తారో చెప్పడానికి దారి కూడా అదే.

"మా సెంటర్ల వల్ల" అని నేను ఎక్కడా రాయలేదు, గమనించండి. ఆ పిల్లలు పగలు బడికీ వెళ్తున్నారు, అక్కడి టీచర్ల శ్రమ కూడా ఉంది. సెంటర్‌కి రాని పిల్లలతో పోల్చి చూడనంత వరకు "వల్ల" అనే మాట వాడే హక్కు మనకు లేదు.

మాటల విషయానికొస్తే:

- "లబ్ధిదారులు" బదులు పిల్లలు, తల్లులు, వృద్ధులు, ఎవరైతే వాళ్లు
- "సాధించడమైనది" బదులు "చేశాం"
- అంకెలకు కామాలు లక్షల పద్ధతిలో: 39,78,000
- "గత ఏడాది" అంటే ఏదో, చిత్రంలోనో క్యాప్షన్‌లోనో సంవత్సరంతో సహా ఉండాలి; పోస్ట్ వచ్చే ఏడాది కూడా తిరుగుతూనే ఉంటుంది

## 8. పొడవు చూసుకోండి

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి 2,200 అక్షరాల దాకా చోటు ఉన్నా, తెర మీద మొదట కనిపించేది ఒకటి రెండు లైన్లే. ఎక్స్‌లో మామూలు ఖాతాకు 280. తెలుగులో గుణింతం, వత్తు కూడా విడి అక్షరాలుగానే లెక్కకొస్తాయి. "స్త్రీ" మన కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కి ఆరు. అందుకే కళ్లతో అంచనా వేయకుండా షీట్‌లో అతికించి చూడండి:

```
=LEN(A1)
```

పైన రాసిన మొదటి రెండు వాక్యాలు కలిపి సుమారు 90 వస్తాయి. మిగతాది తెగిపోయినా చెప్పాల్సింది చేరిపోతుంది. ఎక్స్‌లో ఆ రెండు వాక్యాలూ, 468 మంది అన్న మాటా, నివేదిక లింకూ పెడితే చాలు. చోటు లేదని 468ని మాత్రం తీసేయకండి.

## 9. బయటికి వెళ్లేముందు

క్యాప్షన్‌లోని ప్రతి అంకెకూ ఒక వరస చొప్పున చిన్న పట్టిక రాసి పెట్టుకోండి: అంకె, ఏ పేజీ లేదా ఏ షీట్, ఎలా లెక్కించాం, ఎవరు సరిచూశారు. మన క్యాప్షన్‌కి పది పన్నెండు వరసలు కూడా ఉండవు.

- రాసిన మనిషి కాకుండా ఇంకొకరు మళ్లీ కూడి చూశారా? (325 + 143 = 468, 468 + 144 = 612)
- చిత్రంలో ఉన్న అంకె, క్యాప్షన్‌లో ఉన్న అంకె ఒకటేనా?
- ఫొటోలోని పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకున్నారా? పిల్ల పేరు, బడి, బస్తీ మూడూ ఒకేచోట పడలేదు కదా?
- "చదవలేనివాళ్ల" గురించిన వాక్యం పక్కన ఏ ఒక్క పిల్ల ఫొటో పడలేదు కదా?
- సెంటర్ టీచర్‌కి గట్టిగా చదివి వినిపించారా?

చివరిది నేను ఎప్పుడూ వదలను. ఒకసారి "రోజూ అరగంట" అని చదవగానే టీచర్ ఆపి, "రోజూ కాదండీ, శుక్రవారం కూడా సెలవే" అన్నారు. ఉర్దూ మీడియం సెంటర్ అది. "వారానికి అయిదు రోజులు" అని మార్చాం.

## 10. పెట్టాక తప్పు దొరికితే

పోస్ట్ తీసేసి కొత్తది పెట్టడం కంటే, సరిచేసే వీలున్నచోట అదే పోస్ట్‌లో అంకె సరిచేసి, కింద ఒక లైన్ రాయండి: "ముందు 343 అని రాశాం, మధ్యలో చేరిన 18 మంది అందులో కలిశారు. సరైన అంకె 325." చిత్రం మీదే తప్పు అంకె అచ్చయి ఉంటే అప్పుడు చిత్రం మార్చక తప్పదు, కానీ ఆ లైన్ కొత్త పోస్ట్‌లోనూ ఉండాలి.

వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయిన పాత చిత్రాన్ని వెనక్కి తెచ్చుకోలేం. అందుకే సరిచేసినది మొదట ఎవరికి పంపాలో ముందే రాసి పెట్టుకోండి: సెంటర్ టీచర్లు, విరాళమిచ్చినవాళ్లు, నివేదిక రాసినవాళ్లు. టీచర్లకే ముందు పంపండి. బస్తీలో ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లు.